‘నో రిటర్న్.. నో ఎక్స్ఛేంజ్’ అని రాస్తే సరిపోతుందా? ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు చట్టం చెబుతున్నది ఇదీ!

‘సింగిల్ పీస్.. నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్.. ఓపెనింగ్ వీడియో మస్ట్’. ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో చీరలు, డ్రెస్సులు కొనేవాళ్లకు ఈ మూడు మాటలు బాగా అలవాటు. ఇంట్లో నుంచే వ్యాపారం చేసే చాలామంది ఈ ఒక్క లైన్ రాస్తే తమకు రక్షణ దొరికినట్టేనని అనుకుంటారు. కొనేవాళ్లు కూడా ‘ముందే చెప్పారు కదా, ఇక చేసేదేముంది’ అని వదిలేస్తుంటారు.

మరోవైపు పెద్ద మార్కెట్‌ప్లేస్ యాప్‌లలో పరిస్థితి దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ ‘7 రోజుల రిటర్న్’ అని కనిపిస్తే చాలు, నచ్చకపోయినా వెనక్కి పంపడం తమ హక్కు అనుకుంటారు కస్టమర్లు. అక్కడ అమ్మే చిన్న వ్యాపారులేమో ప్రతి రిటర్న్‌నూ అన్యాయంగానే చూస్తారు.

నిజానికి ఈ రెండు నమ్మకాలూ సగం సగమే కరెక్ట్. చట్టం ఇచ్చిన రిటర్న్ హక్కు వేరు, యాప్ తన వ్యాపారం కోసం ఇచ్చే రిటర్న్ సదుపాయం వేరు. ఈ తేడా తెలియకపోతే అటు కస్టమర్ నష్టపోతారు, ఇటు చిన్న వ్యాపారి 1,450 రూపాయల చీర దగ్గర మొదలుపెట్టి వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఇంతకీ రూల్ ఏం చెబుతోంది?

వినియోగదారుల రక్షణ చట్టం-2019 అమల్లోకి వచ్చింది 2020 జులైలో. దాని కిందే అదే నెల 23న కేంద్రం ఈ-కామర్స్ నిబంధనలను నోటిఫై చేసింది. మార్కెట్‌ప్లేస్ ఏం చేయాలో ఇందులోని 5వ నిబంధన చెబితే, అక్కడ సరుకు పెట్టి అమ్ముకునే సెల్లర్ ఏం చేయాలో 6వ నిబంధన చెబుతుంది.

6వ నిబంధన ప్రకారం కొన్ని సందర్భాల్లో సెల్లర్ వస్తువును వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించకూడదు. వస్తువులో లోపం ఉన్నప్పుడు, అది నకిలీది అయినప్పుడు, ప్రకటనలో చెప్పినట్టు లేదా ఒప్పుకున్నట్టు లేనప్పుడు, చెప్పిన గడువు దాటి ఆలస్యంగా చేరినప్పుడు. ఆలస్యం విషయంలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. వరదలు లాంటి, ఎవరి చేతుల్లోనూ లేని కారణం వల్ల లేటైతే ఇది వర్తించదు.

ఈ జాబితాలో లేనిది ఒకటుంది. అదే ‘నచ్చలేదు’. మనసు మారింది, ఇంట్లో వద్దన్నారు, వేరే చోట తక్కువకు దొరికింది అనే కారణాలతో వెనక్కి ఇచ్చే హక్కును మన చట్టం ఇవ్వలేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. బ్రిటన్‌లో కూడా దాదాపు అంతే. మన దగ్గర అలాంటిది లేదు. యాప్‌లో నచ్చకపోయినా రిటర్న్ తీసుకుంటున్నారంటే అది ఆ కంపెనీ పాలసీ, అంతే. అందుకే ఒక్కో రకం వస్తువుకు ఒక్కో గడువు కనిపిస్తుంది, కంపెనీ అనుకుంటే అది మారిపోతుంది కూడా.

అంటే ‘నో రిటర్న్’ అనే లైన్ ‘నచ్చలేదు’ అనేవాళ్ల విషయంలో చెల్లుతుంది. చిరిగిన చీర, చెప్పింది ఒకటి పంపింది ఇంకొకటి అయిన కేసుల్లో ఆ లైన్ రాసినా రాయకపోయినా ఒకటే.

ఒకే చీర.. నాలుగు రిటర్న్‌లు

ఇది ఇంకా క్లియర్‌గా అర్థం కావాలంటే ఒక ఉదాహరణ చూద్దాం. మంగళగిరిలో ఒక మహిళ నేతన్నల దగ్గర కాటన్ చీరలు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనుకుందాం. చీర ధర 1,450 రూపాయలు. నేతన్నకు ఇచ్చింది 1,050, ప్యాకింగ్ 30, కొరియర్ 90. మిగిలేది 280 రూపాయలు. మార్కెట్‌ప్లేస్ అయితే కమిషన్ కూడా పోతుంది, లెక్క తేలిగ్గా ఉండటానికి దాన్ని పక్కన పెడదాం. ఇప్పుడు నలుగురు కస్టమర్లు చీర వెనక్కి ఇస్తామన్నారు.

మొదటి కస్టమర్ వరంగల్ నుంచి. ‘చేనేత’ అని రాశారు, కానీ వచ్చింది పవర్‌లూమ్ చీర అంటున్నారు. అది నిజమైతే ప్రకటనలో చెప్పినట్టు లేదన్న కారణం స్పష్టంగా ఉంది. సెల్లర్‌కు కూడా తెలియకుండా జరిగింది, పై నుంచే అలా వచ్చింది అన్నా కస్టమర్‌కు సంబంధం లేదు. డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే.

రెండో కస్టమర్ కంప్లైంట్ రంగు గురించి. ఫొటోలో ముదురు నెమలి పింఛం రంగు, చేతికొచ్చింది వెలిసిపోయినట్టున్న నీలం. ఇక్కడే గొడవలన్నీ వస్తాయి. ఫోన్ స్క్రీన్‌ను బట్టి రంగులో కొద్దిపాటి తేడా సహజం. అది ముందే రాసి ఉంటే సెల్లర్ వాదనకు బలం ఉంటుంది. కానీ ఫిల్టర్ వేసి ఫొటో పెట్టి, కింద ‘స్లైట్ కలర్ వేరియేషన్’ అని చిన్నగా రాస్తే సరిపోదు. వస్తువు వివరణ, దాని అసలు లక్షణాలు ఒకేలా ఉండేలా చూసుకోవాల్సింది సెల్లరేనని నిబంధన చెబుతోంది. మార్కెట్‌ప్లేస్‌లు కూడా ఫొటోలు, వివరణ వస్తువుకు సరిపోయేలా ఉంటాయని సెల్లర్ల నుంచి ముందే హామీ తీసుకోవాలి. పగటి వెలుగులో ఫిల్టర్ లేకుండా తీసిన ఒక ఫొటో, పది సెకన్ల వీడియో ఈ గొడవను చాలావరకు తప్పిస్తాయి.

మూడో కస్టమర్‌కు చీరలో ఏ లోపమూ లేదు. కాకపోతే ‘శుక్రవారానికల్లా అందుతుంది’ అన్నారు, సోమవారం వచ్చింది. ఆదివారం పెళ్లి అయిపోయింది. కొరియర్ వాళ్ల తప్పు అని సెల్లర్ అంటారు. కానీ నిబంధన చూసేది ఆలస్యానికి కారకులెవరు అని కాదు, చెప్పిన గడువు దాటిందా లేదా అనే. చాలామంది చిన్న వ్యాపారులకు తెలియని పాయింట్ ఇదే. ఆర్డర్ పోతుందేమోనన్న తొందరలో ‘పక్కా అందుతుంది’ అని చాట్‌లో రాసిన మెసేజే తర్వాత గడువుకు సాక్ష్యం అవుతుంది.

నాలుగో కస్టమర్‌ది సింపుల్. ‘బాగానే ఉంది కానీ అత్తయ్యకు నచ్చలేదు’. ఇక్కడ సెల్లర్ సొంతంగా అమ్ముతుంటే, నో రిటర్న్ అని ముందే స్పష్టంగా చెప్పి ఉంటే, తీసుకోనక్కర్లేదు. అదే మార్కెట్‌ప్లేస్‌లో అమ్మి, అక్కడి పాలసీకి ఒప్పుకుని సంతకం చేసి ఉంటే మాత్రం తీసుకోవాలి. కారణం చట్టం కాదు, ఆ ఒప్పందం.

ఏమీ రాయకపోతే 30 రోజులు!

రిటర్న్ గురించి అసలేమీ రాయకపోతే బెటర్ కదా అనుకునేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార విధానం. బిల్లులో గడువే లేకపోతే 30 రోజులు లెక్కలోకి వస్తాయి. అంటే ‘లోపం ఉంటే 7 రోజుల్లో చెప్పండి’ అని బిల్లులో రాసిన వ్యాపారి కంటే ఏమీ రాయని వ్యాపారికే ఎక్కువ రోజుల భారం. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా ఇదే సెక్షన్ కింద తప్పు.

రిటర్న్ కొరియర్ ఖర్చు ఎవరిది అన్నది మరో తగాదా. దీనికి నిబంధనలు నేరుగా ఫలానా వాళ్లే పెట్టుకోవాలని చెప్పలేదు. కానీ రిటర్న్, ఎక్స్ఛేంజ్, రీఫండ్ షరతులతో పాటు రిటర్న్ కొరియర్ ఖర్చు సంగతి కూడా కొనే ముందే స్పష్టంగా కనిపించేలా చెప్పాలని అన్నాయి. కొన్న తర్వాత ‘90 కట్ చేసి పంపుతాం’ అనడం ఇబ్బందుల్లో పడేస్తుంది. లోపం తమదైనప్పుడు ఆ ఖర్చు తామే పెట్టుకోవడం సెల్లర్‌కు సేఫ్.

మరి ఓపెనింగ్ వీడియో సంగతి?

ఓపెనింగ్ వీడియో ఉంటేనే రిటర్న్ అనే షరతు చట్టంలో గానీ, ఈ-కామర్స్ నిబంధనల్లో గానీ ఎక్కడా లేదు. వీడియో తీయలేదన్న ఒక్క కారణంతో చిరిగిన చీర మంచి చీర అయిపోదు.

అలాగని వీడియోకు విలువ లేదనీ కాదు. వివాదం కమిషన్ దాకా వెళితే లోపం ఉందని చూపించాల్సిన మొదటి బాధ్యత కంప్లైంట్ చేసినవాళ్లదే. అప్పుడు వీడియో మంచి సాక్ష్యం. కాబట్టి కస్టమర్ వీడియో తీసుకోవడం తెలివైన పని, సెల్లర్ దాన్ని కోరడంలోనూ తప్పులేదు. దాన్నే తలుపుకు తాళంలా వాడితేనే సమస్య.

సెల్లర్‌కూ ఇదే సూత్రం పనికొస్తుంది. పంపింది కొత్త చీర, వెనక్కి వచ్చింది కట్టి విప్పిన పాత చీర అనే మోసాలు తక్కువేం కావు. ప్యాక్ చేసేటప్పుడు చీర అంచు, కొంగు, కవర్ మీద ఆర్డర్ నంబర్ ఒకే షాట్‌లో వచ్చేలా వీడియో తీయడం, విప్పితే తెలిసిపోయే ట్యాగ్ కుట్టడం, పార్శిల్ బరువు రాసుకోవడం చేయాలి. రిటర్న్ వచ్చిన పార్శిల్‌ను కూడా కెమెరా ముందే విప్పాలి. అమెజాన్‌లో ‘సేఫ్-టీ క్లెయిమ్’, ఫ్లిప్‌కార్ట్‌లో ‘సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్’ లాంటి పేర్లతో సెల్లర్లు నష్టాన్ని క్లెయిమ్ చేసుకునే దారులున్నాయి. వాటికి గడువు, ఫొటోలు తప్పనిసరి. రిటర్న్ పార్శిళ్లను మూలన పడేసి ఆదివారం చూద్దాంలే అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది.

ఇన్‌స్టా, వాట్సాప్ వాళ్లకు ఇవి వర్తించవా?

‘మేం కంపెనీ కాదు, ఇంట్లో చేసుకుంటున్నాం’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నిబంధనల నుంచి మినహాయింపు ఉన్నది వ్యక్తిగత హోదాలో, వ్యాపారంగా కాకుండా చేసే అమ్మకాలకే. పాత ఫ్రిజ్‌నో, పిల్లల సైకిల్‌నో ఒకసారి అమ్ముకుంటే ఆ కోవలోకి వస్తారు. వారానికి మూడు లైవ్‌లు పెట్టి, రోజూ స్టేటస్‌లో స్టాక్ పెట్టి అమ్మేది మాత్రం క్రమం తప్పకుండా చేసే వ్యాపారమే. టర్నోవర్ ఎంత, జీఎస్టీ ఉందా లేదా అన్నదానికి దీనితో సంబంధం లేదు.

మార్కెట్‌ప్లేస్‌లో కాకుండా సోషల్ మీడియా పేజీలో అమ్మేవాళ్లు ఏ నిబంధన కిందికి వస్తారన్న దానిపై లాయర్లు వాదించుకోవచ్చు. దాని వల్ల పెద్ద తేడా రాదు. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం తప్పు అని చెప్పే సెక్షన్ 2(47) చట్టంలోనే ఉంది. అది షాపుకైనా, యాప్‌కైనా, వాట్సాప్ గ్రూపుకైనా ఒక్కటే.

మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లకు ఇంకో బాధ్యత కూడా ఉంది. కంప్లైంట్లు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలి. కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆఫీసర్ అంటే జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలని నిబంధనలో లేదు. ఒక్కరే నడిపే వ్యాపారంలో ఆ ఒక్కరి పేరు, ఫోన్ నంబర్, మెయిల్ ఇవ్వొచ్చు. కానీ 48 గంటల లెక్క మాత్రం అలాగే ఉంటుంది. కోపంతో మెసేజ్ పెట్టిన కస్టమర్‌ను బ్లాక్ చేయడం అన్నిటికన్నా చెడ్డ ఐడియా. ఆ స్క్రీన్‌షాటే తర్వాత మొదటి ఎగ్జిబిట్ అవుతుంది.

మధ్యలో నలిగేది రీసెల్లరే

తెలుగు రాష్ట్రాల్లో వేలమంది మహిళలు హోల్‌సేల్ గ్రూపుల్లో స్టాక్ తీసుకుని, మార్జిన్ కలుపుకుని తిరిగి అమ్ముతున్నారు. వీళ్ల పరిస్థితి కాస్త విచిత్రం. కస్టమర్ ముందు వీళ్లే సెల్లర్లు, కాబట్టి బాధ్యతలన్నీ వీళ్లవే. కానీ హోల్‌సేలర్ పాడైన సరుకు పంపితే వీళ్లు ‘వినియోగదారులు’ కారు. తిరిగి అమ్మడం కోసం కొన్నవాళ్లను ఆ నిర్వచనంలో నుంచి చట్టం తప్పించింది. అంటే వినియోగదారుల కమిషన్ తలుపు వీళ్లకు తెరుచుకోదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం వివరణ చూసి కొన్న సరుకు ఆ వివరణకు తగ్గట్టే ఉండాలి. దాన్ని బట్టి సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. ఇరవై చీరల కోసం ఎవరూ వెళ్లరన్నది వేరే సంగతి. అందుకే అసలు రక్షణ కొనే దగ్గరే ఉంది. పాడైన పీసులు ఎన్ని రోజుల్లో మారుస్తారన్నది హోల్‌సేలర్‌తో మెసేజ్ రూపంలో అయినా రాయించుకోవాలి. అక్కడ 3 రోజులే ఇస్తే, కస్టమర్‌కు 7 రోజులు ఇవ్వడంలో ఉన్న రిస్క్ ఏంటో ముందే తెలుస్తుంది.

1,450 కోసం కమిషన్ దాకా..

కస్టమర్ ముందుగా చేసేది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్. అక్కడ సెల్లర్‌తో లేదా యాప్‌తో మాట్లాడి సెటిల్ చేయించే ప్రయత్నం జరుగుతుంది. అది కోర్టు కాదు, ఆదేశాలు ఇవ్వదు. తేలకపోతే జిల్లా కమిషన్. 50 లక్షల రూపాయల వరకు చెల్లించిన కేసులు అక్కడికే వెళతాయి. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. e-jagriti.gov.in ద్వారా ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

సెల్లర్ గమనించాల్సింది ఏంటంటే, కస్టమర్ తాను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. మంగళగిరి సెల్లర్‌కు ఆదిలాబాద్ నుంచి నోటీసు రావొచ్చు. బిల్లు మీద ‘వివాదాలు మంగళగిరి పరిధిలోనే’ అని రాసుకున్నామన్న ధైర్యం ఇక్కడ పెద్దగా పనిచేయదు.

నోటీసు వస్తే సమాధానం ఇవ్వడానికి 30 రోజులు, ఇంకా కావాలంటే గరిష్ఠంగా మరో 15 రోజులు. పాత చట్టంలోని ఇదే గడువు గురించి 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 45 రోజులు దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని తేల్చింది. ‘చిన్న కేసే కదా’ అని వదిలేస్తే సెల్లర్ వాదన వినకుండానే తీర్పు వస్తుంది. ఆ తీర్పునూ పట్టించుకోకపోతే సెక్షన్ 72 ప్రకారం నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

ఇప్పుడు మళ్లీ ఆ 1,450 రూపాయల చీర లెక్కకు వద్దాం. మంచి స్థితిలో వెనక్కి వచ్చిన చీరను మళ్లీ అమ్ముకోవచ్చు. అప్పుడు పోయేది ప్యాకింగ్ 30, వెళ్లిన కొరియర్ 90, తిరిగొచ్చిన కొరియర్ 90, మొత్తం 210. అంటే ఒక రిటర్న్ ఇంకో చీర మీద వచ్చే లాభంలో ముప్పావు వంతు తినేస్తుంది. చీర పాడైపోయి, నేతన్న కూడా మార్చి ఇవ్వకపోతే నష్టం 1,260. దాన్ని పూడ్చుకోవాలంటే మరో నాలుగైదు చీరలు అమ్మాలి.

వందలో పది చీరలు మంచి స్థితిలో తిరిగొస్తాయనుకుంటే, మిగిలిన 90 మీద లాభం 25,200. అందులో రిటర్న్ ఖర్చు 2,100 పోతే 23,100. ఆర్డర్‌కు 280 కాదు, 231 రూపాయలే అసలు లాభం. ధర పెట్టేటప్పుడు ఈ లెక్క వేసుకోని వ్యాపారే ప్రతి రిటర్న్ దగ్గరా కస్టమర్‌తో గొడవ పడతారు. 1,450 తిరిగివ్వనని మొండికేస్తే, కమిషన్ ఆ డబ్బుతో పాటు పరిహారం, కేసు ఖర్చులు కూడా కట్టమనొచ్చు.

ఆ లైన్‌ను ఇలా మార్చితే..

‘నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్’ బదులు ఇలా రాసుకోవచ్చు: ‘చీరలో లోపం ఉన్నా, చెప్పినదానికి తేడాగా ఉన్నా అందిన 7 రోజుల్లో తెలియజేయండి. కొరియర్ ఖర్చు మాదే, డబ్బు తిరిగి ఇస్తాం లేదా మార్చి ఇస్తాం, మీ ఇష్టం. నచ్చలేదన్న కారణంతో రిటర్న్ లేదు. చేనేత కాబట్టి దారంలో చిన్న ముడులు సహజం. కంప్లైంట్లకు ఈ నంబర్‌కు మెసేజ్ చేయండి’.

ఇందులో వ్యాపారి కొత్తగా వదులుకున్నది ఏమీ లేదు. లోపం ఉన్న చీరకు డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత ముందూ ఉంది. 30 రోజుల కిటికీ 7 రోజులకు తగ్గింది, ‘నచ్చలేదు’ అనే రిటర్న్‌కు స్పష్టంగా తలుపు మూసుకుంది. అటు కస్టమర్‌కు కూడా డబ్బు పంపే ముందే తన హక్కు ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది.